అడిగినవెన్ని, చెప్పినవెన్ని

(మండల స్థాయి పౌర సమాచార అధికారులకు, వారి సిబ్బందికి జరిగిన ఒకరోజు శిక్షణలో విశ్రాంత సూపరింటెండెంటు ఒకరు మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత నాకు అప్పజెప్పారు కాబట్టి ముందు మీ చేత ఒక పని చేయిస్తాను. ఒక దరఖాస్తు చదువుతాను. పెన్నులు కింద పెట్టి వినండి. విన్నాక, ఇందులో ప్రశ్నలెన్నో చెప్పండి.

"సమాచార హక్కు చట్టం, 2005 కింద ఈ క్రింది సమాచారం ఇప్పించగలరు. ఒకటి: మా కాలనీలో వేసిన సిసి రోడ్డుకు మంజూరైన మొత్తం, ఖర్చు చేసిన మొత్తం, కాంట్రాక్టరు పేరు తెలుపగలరు. రెండు: ఆ పని ఎం-బుక్ నకలు, ఫైనల్ బిల్లు నకలు ఇప్పించగలరు. మూడు: రోడ్డు వేసిన ఆరు నెలలకే పగుళ్లు వచ్చినవి, క్వాలిటీ టెస్టు చేశారా, చేసి ఉంటే రిపోర్టు ఇవ్వగలరు. నాలుగు: రోడ్డు పక్కన కాలువ ఎందుకు కట్టలేదు. ఐదు: గత ఫిబ్రవరిలో నేను ఇచ్చిన ఫిర్యాదు ఏమైందో, ప్రస్తుతం ఎవరి దగ్గర ఉందో తెలియజేయగలరు. పై కాగితాలు చూసుకొనుటకు ఏ రోజు రావచ్చునో కూడా తెలుపగలరని ప్రార్థన. ఇట్లు."

అంతే. ఎన్ని? ఐదా? అమ్మా, మీరు ఆరంటున్నారు. వెనక ఎవరో ఎనిమిదన్నారు. ఇంకెవరైనా?

పదకొండు. ఆయన వేసిన నంబర్లు ఐదు, అడిగినవి పదకొండు. ఒకటో నంబరులో మూడు, రెండులో రెండు, మూడులో రెండు, నాలుగులో ఒకటి, ఐదులో రెండు. పది అయ్యాయి కదా. పదకొండోది ఎక్కడుంది? నంబర్లన్నీ అయిపోయాక, "ఇట్లు"కు ముందు, ప్రార్థనలో కలిసిపోయింది. "ఏ రోజు రావచ్చునో కూడా." అది మర్యాద వాక్యమనుకుని మనం దాటిపోతాం. అది మర్యాద కాదు. రికార్డును స్వయంగా చూసుకునే హక్కు ఈ చట్టంలోనే ఉంది, సెక్షన్ 2(జె)లో. ఆయన ఆ హక్కు అడుగుతున్నాడు.

ఇది నిజంగా నా బల్ల మీదికి వచ్చిన దరఖాస్తే. ఊరు పేరు, మనిషి పేరు తీసేశాను. ఈ పూట దీనితోనే నడుద్దాం.

ముందొక మాట అడుగుతాను. ఈ దరఖాస్తులో ప్రశ్న గుర్తు ఎక్కడైనా ఉందా? ఒక్కటీ లేదు. మన తెలుగులో అర్జీ రాసేవాళ్లు ప్రశ్న గుర్తు పెట్టరు. అది ఎదుటివాళ్లను నిలదీసినట్టుంటుందని వాళ్ల భయం. అందుకని ప్రశ్నను క్రియలో దాస్తారు. "తెలుపగలరు, ఇప్పించగలరు" అంటారు. ఇంకా మెత్తగా అడగాలంటే చివర ఒక 'ఓ' చేరుస్తారు: ఏమైందో, ఎవరి దగ్గర ఉందో, ఏ రోజు రావచ్చునో. ఆ 'ఓ' కనిపించిందంటే అక్కడొక ప్రశ్న ఉన్నట్టే. అలాగే 'ఎ' తో మొదలయ్యే మాటలు: ఎంత, ఎప్పుడు, ఎవరు, ఎందుకు. ఇవి సులువుగానే కంటికి ఆనుతాయి. కామాతో వరసగా పేర్చినవి ఆనవు. "మంజూరైన మొత్తం, ఖర్చు చేసిన మొత్తం, కాంట్రాక్టరు పేరు" అని మూడూ ఒకే "తెలుపగలరు" కింద ఉన్నాయి. క్రియ ఒకటి కాబట్టి ప్రశ్న ఒకటే అనుకుంటాం. అక్కడే పడిపోతాం.

కాబట్టి దరఖాస్తు రాగానే మొదట చేయాల్సింది జవాబు వెతకడం కాదు, ఫైలు తెప్పించడం కూడా కాదు. పెన్సిలు తీసుకుని, ఒక్కొక్క ప్రశ్న కింద గీత గీసి, పక్కన చిన్న నంబరు వేయాలి. ఆయన వేసిన నంబరు చెరపకూడదు. ఆయన ఒకటి అంటే మన దగ్గర 1(అ), 1(ఆ), 1(ఇ). ఎందుకంటే రేపు ఆయన అప్పీలుకు వెళితే "నా ఒకటో ప్రశ్నకు" అనే రాస్తాడు. మన నంబర్లు వేరుగా ఉంటే అప్పీలు అధికారి మన జవాబులో వెతుక్కోవాలి. చివర వాక్యానికి ఆయన నంబరు వేయలేదు. మనమే 6 అని వేసుకుందాం.

ఇదంతా ఏ రోజు చేయాలి? "ముప్పై రోజులుంది కదండీ" అంటారు. ఉంది, సెక్షన్ 7(1) ప్రకారం 30 రోజులే. కానీ ఈ దరఖాస్తులో ఒకదానికి ఐదు రోజులే ఉంది. ఏది? ఎం-బుక్. ఆ రోడ్డు పని కొలతల పుస్తకం మా ఆఫీసులో ఉండదు, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్ల దగ్గర ఉంటుంది. అడిగిన సమాచారం వేరే ప్రభుత్వ కార్యాలయానిదైతే ఆ భాగాన్ని ఐదు రోజుల్లోపు అక్కడికి బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెబుతోంది. చేసి ఊరుకోకూడదు, పంపినట్టు దరఖాస్తుదారుకు వెంటనే తెలపాలి. మనం ఇరవయ్యో రోజున తీరిగ్గా దరఖాస్తు విప్పి, "అయ్యో, ఇది మన దగ్గర లేదే" అనుకుంటే ఆ ఐదు రోజులు ఎప్పుడో పోయాయి. అప్పుడేం చేస్తారు? "మా కార్యాలయంలో లభ్యం కాదు" అని ఒక ముక్క రాస్తారు. ఆ ముక్క మీరెన్నిసార్లు చూశారు? నేను చాలాసార్లు చూశాను. అది నిజమే కావచ్చు, కానీ ప్రశ్నకు జవాబు కాదు. ఎక్కడ లభ్యమవుతుందో, అక్కడికి పంపారో లేదో చెబితేనే అది జవాబు. అందుకే ప్రశ్నలు విడదీసే పని దరఖాస్తు వచ్చిన రోజే చేయాలంటున్నాను. పదిహేను నిమిషాల పని.

ఇంకో పొరపాటు ఉంది. ఒక్క భాగం వేరే ఆఫీసుదని మొత్తం దరఖాస్తునే అక్కడికి తోసేస్తారు. ఇంజినీరింగ్ వాళ్లు రెండో ప్రశ్నలో సగానికి జవాబిచ్చి "మిగిలినవి మాకు సంబంధించవు" అంటారు. మిగిలిన పదీ ఏ ఆఫీసులోనూ లేకుండా పోతాయి. రెండు ఆఫీసులూ జవాబిచ్చాయి, దరఖాస్తుదారుకు దక్కింది మాత్రం ఒక్కటి.

ఇక జవాబు ఎలా పెట్టాలి? నేను రెండు గడుల పట్టీ వేసేవాణ్ని. ఎడమవైపు ఆయన ప్రశ్న, కుడివైపు మన జవాబు. ఎడమ గడిలో ఆయన మాటలే ఉండాలి, అక్షరం మార్చకూడదు. ఇది చాదస్తమనుకోకండి. మా జూనియర్ అసిస్టెంటు ఒకసారి "ఖర్చు చేసిన మొత్తం" అనేదాన్ని కుదించి "రోడ్డు మొత్తం" అని రాసుకున్నాడు. ఫైలు తిరగేస్తే మొదట కనిపించేది ఎస్టిమేటు. అందులో ఐదు లక్షలుంది. 1(అ)కీ ఐదు లక్షలు, 1(ఆ)కీ ఐదు లక్షలు. నిజానికి ఖర్చయింది 4,72,000. అబద్ధం చెప్పాలని అతనికి లేదు. ప్రశ్నను తన మాటల్లోకి మార్చుకున్నాడు, తన మాటలకు జవాబిచ్చాడు. దరఖాస్తుదారు అడిగింది ఇంకొకటి. ఆయన మాటలు ఎదురుగా ఉంటే "ఖర్చు చేసిన" అన్న మాట మిమ్మల్ని ఆపుతుంది.

కుడి గడి గురించి. ఏ గడీ ఖాళీగా ఉండకూడదని నియమం పెట్టుకోండి. గీత గీసి వదలకూడదు, "వర్తించదు" అని రాయకూడదు. ఏ ప్రశ్నకైనా మన దగ్గర ఉండే జవాబులు కొన్నే. ఇదిగో సమాచారం అనడం ఒకటి. ఫలానా ఆఫీసుకు ఫలానా తేదీన పంపాం అనడం ఒకటి. రికార్డు వెతికాం, ఫలానా రిజిస్టర్లు చూశాం, లేదు అనడం ఒకటి. ఇవ్వలేం, ఫలానా సెక్షను, ఫలానా కారణం అనడం ఒకటి. "ఇవ్వలేం" అన్నప్పుడు కారణంతో పాటు ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చో, ఎవరికి చేసుకోవాలో కూడా రాయాలని సెక్షన్ 7(8) చెబుతోంది. కాదనడం తప్పు కాదు. కాదని చెప్పకుండా ఊరుకోవడం తప్పు. అడిగినవాడికి రెంటికీ చాలా తేడా ఉంది. కాదంటే అప్పీలుకు వెళతాడు. ఊరుకుంటే, మర్చిపోయారా, దాచారా, లేదా అని తెలియక తిరుగుతూనే ఉంటాడు.

ఇప్పుడు మన పదకొండూ చూద్దాం. 1లో ఉన్న మూడూ సులువు, ఫైల్లోనే ఉన్నాయి. 2(అ) ఎం-బుక్, మూడో రోజున బదిలీ చేశాం, ఆ ఉత్తరం నంబరు, తేదీ రాశాం. 2(ఆ) ఫైనల్ బిల్లు, నాలుగు పేజీలు. అందులో కాంట్రాక్టరు బ్యాంకు ఖాతా నంబరు ఉంది. దాని కోసం బిల్లంతా ఆపాలా? అక్కర్లేదు. ఇవ్వకూడని భాగాన్ని కప్పి మిగిలింది ఇవ్వొచ్చని సెక్షన్ 10 ఉంది. కప్పినట్టూ, ఎందుకు కప్పామో కూడా ఆ గడిలో రాశాం. రాయకపోతే ఏమవుతుంది? నల్లగీత చూసి ఆయనకు అనుమానం పుడుతుంది. అడగని ప్రశ్న ఒకటి కొత్తగా మనమే పుట్టించినట్టవుతుంది.

3 చూడండి. "క్వాలిటీ టెస్టు చేశారా, చేసి ఉంటే రిపోర్టు ఇవ్వగలరు." ఇది జంట ప్రశ్న. రెండోది మొదటిదాని మీద ఆధారపడింది. ఇలాంటి చోట మన చేయి "అవును, చేయడమైనది" అని రాసి ఆగిపోతుంది. మొదటి సగానికి జవాబు దొరికిందని మనసుకు తృప్తి కలుగుతుంది, రెండో సగం జారిపోతుంది. గమనించండి, జంట ప్రశ్నల్లో ఎక్కువగా పోయేది రెండోదే, అసలు కావాల్సిందీ అదే. ఆయనకు "అవును" ఎందుకు? రిపోర్టు కావాలి. అది బిల్లుకు జతచేసి ఉంది, మూడు పేజీలు.

4 దగ్గర అందరూ ఆగుతారు. "కాలువ ఎందుకు కట్టలేదు." 'ఎందుకు' అనే ప్రశ్నకు జవాబివ్వాల్సిన పని లేదండీ అని చెప్పేవాళ్లు మీలో ఉన్నారు, నాకు తెలుసు. 2011లో సుప్రీంకోర్టు, సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో ఒక మాట చెప్పింది. రికార్డులో ఉన్న సమాచారమే ఇవ్వాలి, లేనిదాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వక్కర్లేదు, మన అభిప్రాయం చెప్పక్కర్లేదు అని. నిజమే. కానీ ఆ తీర్పు పట్టుకుని ఫైలు తెరవకుండానే "ఇది సమాచారం కాదు" అని రాసేస్తున్నాం. అదెలా సరి? రికార్డులో రాసి ఉన్న అభిప్రాయం, సలహా కూడా సమాచారమేనని సెక్షన్ 2(ఎఫ్) చెబుతోంది. కారణం మీరు ఊహించి చెప్పక్కర్లేదు, ఫైల్లో ఎవరైనా రాసి ఉంటే మాత్రం అది ఇవ్వాల్సిందే. కాబట్టి 'ఎందుకు' అని అడిగితే ఫైలు తెరిచి, "దీని గురించి ఎవరైనా ఏమైనా రాశారా" అని చూడాలి. మేం చూశాం. ఎస్టిమేటులో కాలువే లేదు. ఎందుకు లేదో నోట్‌ఫైల్లో ఎక్కడా రాయలేదు. అదే జవాబు: "ఈ పని ఎస్టిమేటులో కాలువ చేర్చలేదు. చేర్చకపోవడానికి కారణం రికార్డులో నమోదు కాలేదు. ఎస్టిమేటు నకలు రెండు పేజీలు." మూడు వాక్యాలు. ఆయనకు ఎంతో తెలిసింది. కట్టాల్సిన కాలువను ఎవరో మింగేశారని ఆయన అనుకుంటున్నాడు. అసలు మంజూరే కాలేదని తెలిస్తే ఇక అడగాల్సింది వేరే చోట, వేరే విషయం.

5(అ), ఫిర్యాదు ఏమైందో. ఇది రాయడానికి చేయి ఆడలేదు, దాపరికమెందుకు. ఆ ఫిర్యాదును మార్చిలో ఇంజినీరింగ్ ఆఫీసుకు పంపాం, జవాబు రాలేదు, మేమూ మళ్లీ అడగలేదు. అదే రాశాం. "ఫలానా తేదీన పంపడమైనది. ఇప్పటివరకు జవాబు రాలేదు. గుర్తుచేస్తూ ఉత్తరం రాసినట్టు రికార్డులో లేదు." 5(ఆ), ప్రస్తుతం ఎవరి దగ్గర ఉందో. అసిస్టెంటు ఇంజినీరు కార్యాలయంలో. మనకు ఇబ్బందిగా ఉన్న ప్రశ్నే మన కంట్లోంచి తప్పిపోతుంది, అది కావాలని చేసేది కూడా కాదు. అందుకే పెన్సిలు నంబర్లు ముందే వేయమంటున్నాను. ఏది కష్టమో తెలియకముందే వేసిన నంబరు, తర్వాత మిమ్మల్ని వదలదు.

పంపించిన ఉత్తరం నకలు ఒక పేజీ. మొత్తం ఎన్ని పేజీలయ్యాయి? నాలుగు, మూడు, రెండు, ఒకటి. పది. పేజీకి రెండు రూపాయల లెక్కన ఇరవై రూపాయలు. డబ్బు కట్టమని ఉత్తరం రాస్తాం కదా, ఆ రోజు నుంచి ఆయన కట్టే రోజు వరకు గడువు లెక్కలోకి రాదు, సెక్షన్ 7(3). ఇక్కడో పొరపాటు జరుగుతుంది. "ఇరవై రూపాయలు కట్టిన తర్వాత సమాచారం ఇవ్వబడును" అని రాసి, నకళ్లతో పని లేని జవాబులు కూడా ఆపేస్తారు. మంజూరు ఎంతో, కాంట్రాక్టరు ఎవరో చెప్పడానికి నకలు అక్కర్లేదు కదా? మేం పట్టీ మొత్తం అదే ఉత్తరంలో పంపాం. నకళ్లు మాత్రం డబ్బు కట్టాక ఇచ్చాం.

ఆ నకళ్ల మీద పేజీ నంబర్లు వేయండి. "సమాచారం జతపరచడమైనది" అని రాసి నలభై కాగితాలు కుడితే అందులో ఏది ఏ ప్రశ్నకో వెతుక్కునే పని ఆయన నెత్తిన పెట్టినట్టే. 3(ఆ) పక్కన "5 నుంచి 7 పేజీలు" అని ఉండాలి. ఆయన వేలు అక్కడ పెట్టి ఆ పేజీ తిప్పుకోవాలి.

ఆరోది, పదకొండోది. "బుధవారం ఉదయం పదకొండు గంటలకు రండి, ఫలానా సీటులో ఫలానా అసిస్టెంటును కలవండి, మొదటి గంట చూడటానికి రుసుము లేదు." ఇంతే.

ఇప్పుడు తనిఖీ. జవాబు టైపయ్యాక మీరే చదువుకుంటే తప్పు కనపడదు. రాసింది మీరే కాబట్టి కన్ను జవాబు వెంటే పోతుంది. ఇద్దరు కూర్చోండి. ఒకరు దరఖాస్తు పైకి చదవాలి, మన పట్టీ కాదు, ఆయన కాగితం. రెండోవాళ్లు జవాబు మీద వేలు పెట్టాలి. వేలికి చోటు దొరకలేదంటే ఆ ప్రశ్న పోయినట్టే. చివరి వాక్యం నుంచి మొదటికి చదివితే ఇంకా మంచిది, ఎందుకంటే తప్పిపోయేవి ఎక్కువ చివరే ఉంటాయి. అయ్యాక ఆఫీసు కాపీ మూల "ప్రశ్నలు 11, జవాబులు 11" అని రాసి సంతకం పెట్టండి. నేను పదవీ విరమణ చేసేవరకు అలా రాశాను.

ఈ పట్టుదల నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. కొత్తలో, ఇంకో ఆఫీసులో పనిచేసేటప్పుడు, ఒకావిడ వితంతు పింఛను గురించి అడిగింది. పిల్లాడి చేత నోటుబుక్కు కాగితం మీద రాయించింది. నా అర్జీ ఏ తేదీన అందింది, జాబితా ఎప్పుడు పంపారు, అందులో నా పేరుందా. మూడింటికీ శుభ్రంగా జవాబిచ్చాను: ఫలానా తేదీ, ఫలానా తేదీ, లేదు. కింద ఇంకో వరస ఉంది: "మళ్లా అర్జీ పెట్టుకోవాల్నో పాతదే చాలునో." నేను చూశాను, అది ప్రశ్నని అనుకోలేదు. జవాబులో దాని ఊసు లేదు కాబట్టి పాతదే చాలునని ఆవిడ అనుకుంది. నాలుగు నెలలు ఎదురుచూసింది. పాతది చాలదు, ఒక సర్టిఫికెట్టు తక్కువైంది, మళ్లీ పెట్టుకోవాలి. ఆ నాలుగు నెలల పింఛను ఆవిడకు ఇక రాలేదు. నేను జవాబిచ్చిన మూడూ ఆవిడకు అంత అవసరం లేదు. ఆ నాలుగోదాని కోసమే కాగితం రాయించింది. ఆ 'ఓ' లు నాకు అప్పటి నుంచే కనబడతున్నాయి.

చట్టం కూడా దీన్ని చిన్న విషయంగా చూడలేదు. సెక్షన్ 20లో జరిమానా ఎవరికి? గడువు దాటినవాళ్లకు, సరైన కారణం లేకుండా కాదన్నవాళ్లకే కాదు. తెలిసి తప్పుడు సమాచారం, అసంపూర్ణ సమాచారం, తప్పుదారి పట్టించే సమాచారం ఇచ్చినవాళ్లకు కూడా. ఆ మూడూ ఒకే వరసలో ఉన్నాయి. రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000. పదింటికి జవాబిచ్చి, ఇబ్బందిగా ఉందని ఒకటి తెలిసి వదిలేస్తే అది అసంపూర్ణమే.

ప్రశ్న అర్థం కాకపోతే ఏం చేయాలని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. "రోడ్డు" అంటే ఏ రోడ్డు, కాలనీలో రెండున్నాయి. అప్పుడు ఊహించి రాయకండి. దరఖాస్తు మీద ఫోను నంబరు ఉంటే చేయండి. ఏది కావాలని అడగొచ్చు, ఎందుకు కావాలని అడగకూడదు, సెక్షన్ 6(2) దాన్ని ఒప్పుకోదు. ఆయన చెప్పింది ఆ గడిలోనే రాయండి: "ఫోనులో మీరు తెలిపిన ప్రకారం గుడి వీధి రోడ్డు వివరాలు." ఫోను దొరకలేదా, రెండింటివీ ఇచ్చేయండి.

ఇంకొకరు చీటీ పంపారు, మామూలు ఈమెయిలుకు కూడా ఇదేనా అని. ఇదే. పట్టీ అక్కర్లేదు. వచ్చిన మెయిలులోని ప్రశ్నలను ఒక్కొక్కటిగా కింద దించుకుని, దాని కిందే జవాబు రాయండి. వాళ్ల వాక్యం ముందు > గుర్తు ఉంటే ఏది ఎవరి మాటో తెలుస్తుంది. ఒకదానికి ఇప్పుడే జవాబు తెలియకపోతే దాన్ని చెరపకండి, దాని కింద "కనుక్కుని శుక్రవారం చెబుతాను" అని రాయండి. వాట్సాప్‌లో అయితే మనం చివరి ప్రశ్నకే జవాబిస్తాం, అది కంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి. పైకి జరిపి మొదటి నుంచి చదవండి.

సరే, ఇక నేను మాట్లాడను. ఇప్పుడు మీకు తలా ఒక కాగితం ఇస్తున్నారు. అంగన్‌వాడీ బియ్యం గురించి వచ్చిన దరఖాస్తు. ఆయన వేసిన నంబర్లు నాలుగున్నాయి. పెన్సిళ్లు తీసుకోండి, పదిహేను నిమిషాలు. జవాబులు రాయకండి. గీతలు గీసి, ఎన్నో లెక్కపెట్టి మూల రాయండి. కాగితం వెనక కూడా రెండు వరసలున్నాయి, తిప్పి చూడండి.